క్రాప్, బ్లర్, నల్ల గడి: వస్తువు ఫొటో పంపే ముందు ఏది మేలు?

పాత స్టీల్ కెటిల్ మూత విరిగింది. మోడల్ ఏదో తెలిసినవాళ్లు చెబితే విడిభాగం కొనవచ్చని, కెటిల్‌ను పక్కకు పడుకోబెట్టి ఫొటో తీశాను. పంపే ముందు జూమ్ చేస్తే మూడు బయటపడ్డాయి. మూలన కొరియర్ కవరు మీద అడ్రస్, మెరిసే స్టీల్‌లో ఫోన్ పట్టుకున్న నా ముఖం, అడుగు స్టిక్కర్‌పై మోడల్ నంబర్ కింద సీరియల్ నంబర్.

కవరు అంచున ఉంది కాబట్టి దానికి క్రాప్ మేలు. వస్తువును గుర్తుపట్టడానికి బల్లతో పని లేదు కదా. అయితే కోసిన ముక్క ఫైల్‌లోంచి నిజంగా పోయిందా అన్నది వేరే ప్రశ్న. ఐఫోన్‌లో క్రాప్ చేసినా అసలు ఫొటో అలాగే ఉంటుంది, ఎయిర్‌డ్రాప్‌లో "All Photos Data" ఆన్ చేసి పంపితే అదీ వెళ్తుంది. వర్డ్‌లో కత్తిరించిన బొమ్మ సంగతీ అంతే, కోసిన భాగాన్ని విడిగా తొలగించే దాకా లోపలే ఉంటుంది. ఫొటో తీసిన చోటు వివరం కూడా క్రాప్‌తో పోదు.

సీరియల్ నంబర్‌ను కోయలేం, మోడల్ నంబర్ పక్కనే ఉంది. ఇక్కడ చాలామంది బ్లర్ చేస్తారు, అంటే అంకెలను మసకగానో చిన్న చిన్న గళ్లుగానో మారుస్తారు. నేను వద్దంటాను. అచ్చు అంకెలు పదే. ఒక్కో అంకెను అదే సైజులో గళ్లుగా మార్చి, మీ ఫొటోలోని గళ్లతో పోల్చుకుంటూ పోతే అసలు నంబర్ చిక్కుతుంది. గళ్ల వెనక అక్షరాలను ఇలా వెనక్కి తెచ్చే Unredacter అనే టూల్ 2022లోనే వచ్చింది.

కాబట్టి అంకెలకు నల్ల గడే మేలు, అదీ పూర్తిగా నిండిన గడి. హైలైటర్‌లాంటి పెన్నుతో రుద్దితే కంటికి నల్లగానే ఉంటుంది కానీ, బ్రైట్‌నెస్ పెంచగానే కింది అంకెలు తేలతాయి. కొరియర్ లేబుల్‌పై క్యూఆర్ కోడ్ ఉంటే మొత్తం మూసేయండి. కొన్ని క్యూఆర్ కోడ్‌లు దాదాపు 30 శాతం చెడినా స్కాన్ అవుతాయి, సగం సగం మూయడంపై నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక స్టీల్‌లో ముఖం. దానిమీద గడి పెడితే మూత అతుకూ పిడి వంపూ మరుగునపడ్డాయి. గుర్తుపట్టేవాళ్లకు కావలసింది సరిగ్గా అవే. అందుకే ఇక్కడ ఎడిటింగ్ కన్నా మళ్లీ తీయడమే మేలనిపించింది. కవరు తీసేసి, ఫోన్‌ను ఓ పక్కకు జరిపి తీస్తే స్టీల్‌లో గోడ మాత్రమే పడింది. సీరియల్ నంబర్‌పై నల్ల గడి పెట్టి, ఆ ఫొటోను తెరమీద నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీశాను. అది కొత్త బొమ్మ కనుక అసలు ఫొటోలోని లొకేషన్, పాత ఎడిట్‌లు దాంట్లోకి రావు. ఆ స్క్రీన్‌షాట్‌నే పంపాను.