మెషీన్ రాసిన బిట్లు: కీ చూస్తూ దిద్దడమా, కీ మూసి రాయడమా?

ఏఐతో బిట్లు రాయించుకుంటున్న టీచర్లు, కోచింగ్ సెంటర్ల ఫ్యాకల్టీ పదే పదే అడిగేది ఒకటే. నలభై బిట్లు క్షణాల్లో వచ్చి పడుతున్నాయి, బాగానే ఉంది. వాటిని పిల్లల చేతికిచ్చే ముందు ఎలా చూడాలి? వాడుకలో ఉన్న దారులు నాలుగు: కీ, వివరణ ఎదురుగా పెట్టుకుని చదువుతూ దిద్దడం, కీ మూసేసి మనమే పరీక్ష రాయడం, ఇంకో ఏఐకి ఇచ్చి తప్పులు పట్టమనడం, కొద్దిమంది పిల్లలకు ముందుగా ఇచ్చి చూడడం. చాలామంది మొదటిదే చేస్తారు. నా మొగ్గు రెండోదాని వైపు. ఎందుకో ఒక బిట్టు పట్టుకుని చూద్దాం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రానికి ఏఐ ఇచ్చే తరహా బిట్టు ఇది:

400 మీటర్ల వృత్తాకార ట్రాక్‌పై ఒక క్రీడాకారిణి ఒక పూర్తి చుట్టును 80 సెకన్లలో పరుగెత్తింది. ఆమె సగటు వేగం ఎంత?
అ) 0.2 మీ/సె ఆ) 5 మీ/సె ఇ) 0 మీ/సె ఈ) 320 మీ/సె
కీ: ఆ. వివరణ: సగటు వేగం = దూరం ÷ కాలం = 400 ÷ 80 = 5 మీ/సె.

కీ చూస్తూ చదివేవాళ్ల కన్ను నేరుగా లెక్క మీదికి పోతుంది. 400ని 80తో భాగిస్తే 5. సరిపోయింది, టిక్కు పెట్టి తర్వాతి బిట్టుకు వెళ్లిపోతారు. కానీ తెలుగు మీడియం పుస్తకంలో దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది వడి. వేగం రావాలంటే స్థానభ్రంశాన్ని కాలంతో భాగించాలి. పూర్తి చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది కాబట్టి స్థానభ్రంశం సున్నా, సగటు వేగమూ సున్నా. ఆప్షన్ ఇ కూడా అక్కడే కూర్చుని ఉంది. పుస్తకం బాగా చదివిన పిల్ల ఇ పెడుతుంది, మార్కు పోగొట్టుకుంటుంది. బండి వేగం అని ఇంట్లో మాట్లాడుకునే తెలుగుతో రాసిన పిల్లాడికి మార్కు వస్తుంది. ఇద్దరి తరఫునా వాదించవచ్చు, చిక్కంతా అక్కడే. ఇంగ్లిష్‌లో వేర్వేరుగా ఉన్న రెండు మాటలకు మెషీన్ తెలుగులో ఒకే మాట వాడేయడం వల్ల పుట్టిన తప్పిది. (320 సంగతి సరేసరి: ఆ క్రీడాకారిణి దాదాపు ధ్వనితో పోటీ పడాలి. దాన్ని ఎవరూ పెట్టరు, అంటే ఆ ఆప్షన్ లేనట్టే.)

కీ చూస్తూ చదవడంలో లోపం చదివేవాళ్ల అజాగ్రత్త కాదు. జవాబు ముందే తెలిశాక బుర్ర ఆ జవాబుకు దారి వెతుకుతుంది, మిగతా మూడింటి మీద పని చేయదు. దానికి తోడు మెషీన్ రాసే వివరణ ఎప్పుడూ నమ్మకంగా, నున్నగా ఉంటుంది. తప్పు కీకి కూడా అంతే నున్నటి వివరణ రాస్తుంది. అందుకే ఏది మేలు అన్నదాన్ని నేను ఒక్క అంశంతోనే కొలుస్తాను: చూసే మనిషి కీని చూడకముందే తన జవాబు కాగితం మీద పెట్టాడా, లేదా?

కీ మూసి రాయడం అంటే జవాబు గుర్తించి ఊరుకోవడం కాదు. ముందు కీని, వివరణను వేరే ఫైలులోకి తీసేయాలి. ఆప్షన్ల వరుస మార్చాలి. 'పైవన్నీ' ఉన్న బిట్టులో మాత్రం దాన్ని చివరే ఉంచాలి. తర్వాత ఆప్షన్లను చేత్తో మూసి, ప్రశ్న ఒక్కటే చదివి జవాబు రాయాలి. 'కింది వాటిలో' అని మొదలయ్యే బిట్లకు ఇది కుదరదు, మిగతావాటికి కుదరాలి. ఆప్షన్లు చూస్తే తప్ప ఏం అడుగుతున్నారో తెలియకపోతే ప్రశ్నలో ఏదో మాట తక్కువైంది.

అసలు పని ఆ తర్వాతే. జవాబు కాని మూడు ఆప్షన్లలో ఒక్కోదాని పక్కన 'ఇది తప్పు, ఎందుకంటే' అని సగం వాక్యం రాయాలి. పై బిట్టులో 0.2 తప్పు, ఎందుకంటే అది 80ని 400తో భాగించినది. 320 తప్పు, ఎందుకంటే అది తీసివేత. సున్నా దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. 'ఇది తప్పు, ఎందుకంటే ఇక్కడ వేగం అంటే వడి అనే అర్థంలో' అని రాయాల్సి వస్తుంది. ఆ వాక్యం పూర్తి చేయడానికి ప్రశ్నలో లేని మాటను మనం తెచ్చుకున్నామంటే, ఆ మాట ప్రశ్నలో ఉండాల్సిందన్నమాట. రెండో జవాబును పట్టించేది ఈ సగం వాక్యమే. కీ మూసినా ఇది రాయకపోతే సగం లాభం పోతుంది, ఎందుకంటే మనమూ 5 అనే గుర్తించి, కీతో కలిసిందని సంతోషపడి వదిలేయవచ్చు.

దిద్దేటప్పుడు చాలామంది చేసే పొరపాటు కూడా ఈ బిట్టులోనే కనిపిస్తుంది. సున్నాతోనే గొడవ కదా అని దాన్ని తీసేసి ఇంకో అంకె పెడతారు. అప్పుడు పుస్తకం ప్రకారం బిట్టుకు సరైన జవాబే ఉండదు. తెలిసిన పిల్ల సున్నా కట్టుకుని, ఆప్షన్లలో వెతికి వెతికి అలిసిపోతుంది. మార్చాల్సింది ప్రశ్న వాక్యాన్ని. 'సగటు వడి ఎంత?' అంటే జవాబు 5, సున్నా మంచి తప్పు ఆప్షన్‌గా నిలుస్తుంది. వేగమే పరీక్షించాలనుకుంటే ప్రశ్న అలాగే ఉంచి కీని సున్నాకు మార్చాలి. రెండిటిలో ఏదన్నది పాఠాన్ని బట్టి మీరు తేల్చుకోవాలి.

చరిత్ర బిట్లలో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. 'ఉప్పు సత్యాగ్రహం ఎప్పుడు ప్రారంభమైంది?' అని అడిగి, ఆప్షన్లలో 1930 మార్చి 12, 1930 ఏప్రిల్ 6 రెండూ ఇచ్చి, కీ మార్చి 12 అంటుంది. గాంధీజీ సబర్మతి నుంచి బయలుదేరింది మార్చి 12న, దండిలో ఉప్పు తీసి చట్టాన్ని ఉల్లంఘించింది ఏప్రిల్ 6న. ప్రారంభం ఏదని రెండు వైపులా వాదించవచ్చు. తప్పు ఆప్షన్లు నిజంలా కనిపించాలి కాబట్టి మెషీన్ అదే ఘటనలోంచి తేదీలు ఏరుతుంది. అలా ఏరినది ఒక్కోసారి నిజమే అయి కూర్చుంటుంది. 'గాంధీజీ సబర్మతి ఆశ్రమం నుంచి దండికి ఏ రోజు బయలుదేరారు?' అని అడిగితే చాలు, ఆప్షన్లు ముట్టుకోనక్కర్లేదు.

ఇంత చెప్పినా, కీ మూసే పద్ధతి ఒక చోట చతికిలపడుతుంది. 'భారత జాతీయ క్రీడ ఏది?' అనే బిట్టు తీసుకోండి. మూసి రాసిన మనిషి హాకీ అంటాడు, కీ హాకీ అంటుంది, ఇద్దరూ కలిశారు. 2012లో సమాచార హక్కు చట్టం కింద అడిగినప్పుడు, ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖే జవాబిచ్చింది. అందరూ నమ్మే తప్పును మెషీనూ నేర్చుకుంది, మనమూ నేర్చుకున్నాం. అందుకని 'జాతీయ', 'మొట్టమొదటి', 'ఏకైక', 'అతిపెద్ద' అనే మాటలున్న బిట్లను, జవాబు కలిసినా సరే, విడిగా తీసి మూలంతో పోల్చాలి. 'భాషా ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం' అంటే మనం ఠక్కున 1953 అక్టోబర్ 1 నాటి ఆంధ్ర రాష్ట్రం అంటాం. ఆప్షన్లలో ఒడిశా ఉంటే? అది 1936లోనే ప్రత్యేక ప్రావిన్స్ అయింది. 'స్వతంత్ర భారతంలో' అనే రెండు మాటలు చేర్చాలి. పక్కనే 'ఆంధ్రప్రదేశ్' కూడా ఆప్షన్‌గా ఉంటే అది 1956 నవంబర్ 1న ఏర్పడిందని, ఇక్కడ తప్పు జవాబేనని మీ సగం వాక్యంలో రాసుకోవాలి.

మూలం అంటే పుస్తకం పేరు ఒక్కటే కాదు, ముద్రణ సంవత్సరం, పేజీ కూడా. 2024 నీట్ ఫిజిక్స్‌లో పరమాణువుల మీద వచ్చిన ఒక ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యం ఒక జవాబునూ, కొత్త పుస్తకంలోది ఇంకో జవాబునూ బలపరిచాయి. మొదట రెండిటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల్ని అడిగాక ఒక్కటే సరైనదని తేలి, ర్యాంకులు మారాయి. మెషీన్ ఏ ముద్రణ చూసి రాసిందో మనకు కనిపించదు కాబట్టి ఆ పని మనమే చేయాలి.

ఇంకో ఏఐకి ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పను. ఒకే అర్థమున్న రెండు ఆప్షన్లు, గుణింతపు తప్పులు, కూడికల పొరపాట్లు బాగా పట్టుకుంటుంది. 'ఇది సరైనదేనా?' అని కీతో కలిపి అడిగితే ఊ కొట్టడానికే మొగ్గుతుంది, కీ లేకుండా ఇచ్చి చేయించాలి. నాలుగైదు సార్లు విడివిడిగా చేయించినప్పుడు జవాబు మారుతుంటే ఆ బిట్టును అనుమానించాలి. మారకపోతే మాత్రం బిట్టు మంచిదని కాదు, హాకీ ఎన్నిసార్లడిగినా హాకీయే రావచ్చు.

పిల్లలకు ముందుగా ఇచ్చి చూడడం గట్టి పద్ధతే, కానీ ఆలస్యం, పైగా బిట్టు బయటికి పోతుంది. 40 మంది రాస్తే మొత్తం మార్కుల్లో పైనున్న 11 మందిని, కిందున్న 11 మందిని పక్కన పెట్టి, ఒక్కో బిట్టుకు ఎవరు ఏం పెట్టారో చూడాలి. మన వేగం బిట్టుకు పై 11 మందిలో 5 పెట్టినవాళ్లు ఐదుగురు, సున్నా పెట్టినవాళ్లు ఆరుగురు, కింది 11 మందిలో 5 పెట్టినవాళ్లు ఎనిమిది మంది అనుకుందాం. ఐదులోంచి ఎనిమిది తీసి 11తో భాగిస్తే మైనస్ 0.27. బాగా చదివినవాళ్లే ఎక్కువ తప్పారంటే పిల్లల్ని కాదు, కీని అనుమానించాలి.

స్కూల్లో ఆ సబ్జెక్టుకు మీరొక్కరే ఉంటే, మూసి రాయడానికి రెండో మనిషి దొరక్కపోతే, బిట్లు రాయించిన రోజునే చూడకండి. కీ వేరే ఫైలులో పెట్టి, ఆప్షన్ల వరుస మార్చి, రెండు రోజులాగి రాయండి. ఒక కూర్చోటంలో ఇరవై బిట్లు చాలు. ఆ తర్వాత సగం వాక్యాలు 'ఎందుకంటే అది తప్పు కాబట్టి' అని వచ్చేస్తాయి, అలా రాశారంటే అక్కడితో ఆపి మళ్లీ రేపు మొదలుపెట్టండి.