టమాటా, వేసవి, 12 అంగుళాల కుండీ, అడుగు నలుపు: మూడేళ్లు మిద్దెతోట వీడియోలు చూశాక

మిద్దెతోట వీడియోలు రెండు రకాలు. బుట్ట నిండా కాయలు చూపించి "ఈరోజు హార్వెస్ట్ చూడండి ఫ్రెండ్స్" అనేవి ఒక రకం. "12 అంగుళాల కుండీలో టమాటా, వేసవిలో కాయ అడుగు నల్లబడుతోందా?" అంటూ మొక్క, కాలం, కుండీ, సమస్య నాలుగూ శీర్షికలోనే చెప్పేసేవి ఇంకో రకం. చెన్నైలో, పెరంబూరులో అద్దె ఇంటి మేడ మీద మూడేళ్లుగా కుండీలు పెంచుతున్నాను. ఈ మూడేళ్లూ రెండో రకాన్నే నమ్ముకున్నాను. మొదటి రకం అన్నం తింటూ చూడటానికి బాగుంటాయి, అంతవరకే.

అన్ని మొక్కల సంగతీ ఇక్కడ చెప్పను. టమాటా ఒక్కటే, అందులోనూ ఆ అడుగు నలుపు ఒక్కటే. ఈ వీడియోలు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ పప్పులో కాలేస్తాయో నాకు దానితోనే తెలిసింది.

మొదటి ఏడాది టమాటా జోలికి పోలేదు. రెండో ఏడాది క్రిస్మస్ తర్వాత నారు నాటాను. జనవరి చివర్లో పూత, ఫిబ్రవరిలో కాయలు. గోలీకాయంత ఉన్నప్పుడు అన్నీ నిగనిగలాడాయి. నిమ్మకాయంత అయ్యేసరికి ఒక కాయ కింద, పువ్వు రాలిన చోట, నీళ్లు దిగినట్టు ఒక మచ్చ కనిపించింది. నాలుగు రోజుల్లో అది గోధుమరంగు అయి, తర్వాత నల్లబడి, లోపలికి నొక్కుకుపోయి చెప్పు తోలులా తయారైంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. చేత్తో తిప్పి చూస్తేనే గుండె జారిపోతుంది. మొదటి గుత్తిలో సగం కాయలు అలాగే పోయాయి.

హైదరాబాదులో ఉన్న అక్కకి ఫోటో పంపితే గంటలో మూడు లింకులు పంపింది. "టమాటా కాయ కుళ్లు" అని మామూలుగా వెతికితే పురుగు తొలిచిన కాయలు, ఎండకి భుజం మీద తెల్లగా మాడిన కాయలు, వానకి కుళ్లినవి అన్నీ కలిసి వస్తాయి. అక్క పంపినవాటిలో సమస్య పేరు కచ్చితంగా ఉంది. కాయ అడుగు దగ్గరగా చూపించి, రంధ్రం లేదు, బూజు లేదు, ఎండిన తోలులా ఉంది, కాబట్టి ఇది అడుగు నలుపే అని తేల్చి చెప్పారు. దీనికి ఫుల్ మార్కులు ఇస్తాను. ఇది పురుగూ కాదు, శిలీంధ్రమూ కాదు కాబట్టి వేపనూనె కొట్టినా, మందు కొట్టినా డబ్బు దండగే. ఆ ఒక్క మాటే నాకు రెండు సీసాల ఖర్చు మిగిల్చింది.

తేడా వచ్చింది పరిష్కారం దగ్గరే. మూడు వీడియోలూ ఒకటే మాట: కాల్షియం లోపం, గుడ్డు పెంకులు పొడి చేసి వేయండి. వేశాను. మూడు వారాల్లో రెండో గుత్తి, మూడో గుత్తి శుభ్రంగా వచ్చాయి. అక్కకి ఫోన్ చేసి "పనిచేసిందే!" అని సంబరపడ్డాను కూడా. ఆ వీడియోల్లోనూ అచ్చం అంతే: మొదట నల్లటి కాయ, పెంకుల పొడి, చివర ఎర్రటి మంచి కాయలు.

మూడో ఏడాది అనుమానం వచ్చి నాలుగు మొక్కలు వేరుగా పెట్టాను. రెండు 10 అంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో, రెండు 20 లీటర్ల పెయింట్ బకెట్లలో. ఒక చిన్న కుండీకి, ఒక బకెట్‌కి పెంకుల పొడి వేశాను, మిగతా రెండింటికీ వేయలేదు. మట్టి, నాటిన రోజు, నీళ్లు పోసే వేళ అన్నిటికీ ఒకటే. చిన్న కుండీలు రెండింటిలోనూ మొదటి గుత్తి దాదాపు సగం నల్లబడింది. పెంకులు వేసిందా లేదా అన్న తేడా ఏమీ కనిపించలేదు. బకెట్లలో ఒకే ఒక్క కాయ పోయింది. అదీ పెంకులు వేసిన బకెట్‌లోనే! తర్వాతి గుత్తులు నాలుగు మొక్కలకూ అంతకంటే బాగా వచ్చాయి. నాలుగు మొక్కలతో చేసింది పరిశోధన కాదని నాకూ తెలుసు. కానీ ఆ వీడియోల్లో ఏం జరుగుతోందో మాత్రం అర్థమైంది.

ఈ నలుపు మొదటి గుత్తుల్లోనే ఎక్కువ. వేర్లు కుండీ అంతా పాకి, నీళ్లు సరిగ్గా అందడం మొదలయ్యాక చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. ఆ తగ్గే సమయానికి మనం ఏది వేసి ఉంటే దానికి పేరు వస్తుంది. పెంకులు అంత త్వరగా కరగవు కూడా. ఆ పొడి మట్టిలో కలిసి మొక్కకి అందాలంటే నెలలు పడుతుంది. పైగా మా బోరు నీళ్లు ఎంత గట్టివంటే బకెట్ అంచున తెల్లటి చార కడతాయి. ఆ చారలో ఉండేది చాలావరకు కాల్షియమే. అంటే మట్టిలో కాల్షియానికి కరువు లేదు, కాయ అడుక్కి చేరడమే కష్టం.

ఎందుకు చేరదంటే, కాల్షియం వేరు నుంచి నీటితోపాటే పైకి పోతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి, కాబట్టి వాటా వాటికే ఎక్కువ. కాయ తొక్క నుంచి నీరు పెద్దగా పోదు, అందుకే కాయకి వచ్చేదే తక్కువ, చిట్టచివర ఉన్న అడుక్కి ఇంకా తక్కువ. మధ్యాహ్నం మట్టి ఎండిపోయిందంటే ఆ కాస్తా ఆగిపోతుంది. కాయ చిన్నగా ఉండి చకచకా ఊరే రోజుల్లో ఇలా రెండు మూడుసార్లు జరిగితే చాలు, మచ్చ తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. అందుకే ఈరోజు ఏం చేసినా ఈరోజు చెట్టున ఉన్న నల్లకాయ బాగుపడదు. దాన్ని కోసేసి, కొత్తగా పిందె పట్టే కాయల్ని రెండు మూడు వారాల తర్వాత తిప్పి చూడాలి. ఈ గడువు చెప్పిన వీడియో నాకు ఒక్కటే దొరికింది.

ఇక కుండీ కొలత. శీర్షికలో "12 అంగుళాలు" అని ఉంటే నిశ్చింతగా అదే కొనుక్కొచ్చేవాణ్ణి. ఒకరోజు అడుగు రంధ్రాలు మూసి నీళ్లు కొలిచి పోశాను. మూతి 12 అంగుళాలుండి కిందికి సన్నబడే ప్లాస్టిక్ కుండీ 14 లీటర్లు పట్టింది. వీడియోలో ఆయన వాడింది 12 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న గ్రో బ్యాగ్. లెక్క వేస్తే అది సుమారు 22 లీటర్లు. పేరు ఒకటే, లోపల మట్టి ఒకటిన్నర రెట్లు. నా 10 అంగుళాల కుండీ అయితే ఎనిమిది లీటర్లే. మార్చి ఎండలో కాపుతో ఉన్న మొక్కకి ఆ మట్టిలోని నీళ్లు మధ్యాహ్నం దాకా కూడా రావు, రెండింటికల్లా ఆకులు వేలాడిపోయేవి. కుండీని లీటర్లలో చెప్పేవాళ్లు చాలా తక్కువ. చెప్పినవాళ్లని నేను వదలను.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. మొక్క గుబురుగా పెరగాలని వేరే వీడియో చూసి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు నాలుగు రోజులకోసారి పోస్తూ వచ్చాను. ఆకులు ముదురాకుపచ్చగా, చేయంత అయ్యాయి. ఆకు పెరిగితే నీటి వాటా ఇంకా దానికే పోతుంది, పైగా అంత నత్రజని ఒక్కసారిగా పడితే కాల్షియం వేరులోకి వెళ్లడమూ తగ్గుతుంది. ఒక వీడియో ఒక సమస్య తీర్చడం బాగానే ఉంది కానీ, రెండు వీడియోల మందులు ఒకే కుండీలో కలిస్తే ఏమవుతుందో ఎవరి శీర్షికలోనూ ఉండదు.

చివరికి నాకు పనిచేసింది చాలా సాదాగా ఉంటుంది, దాంతో వీడియో తీస్తే ఎవరూ చూడరేమో. టమాటాకి 20 లీటర్లకి తక్కువ పెట్టను. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరుస్తాను. ఫిబ్రవరి చివరి నుంచి పొద్దున రెండు మగ్గులు, సాయంత్రం ఒక మగ్గు. చెక్క నీళ్లు పూత మొదలయ్యాక బాగా తగ్గించాను. ఇంకో చిన్న సంగతి: కోకోపీట్ ఎక్కువున్న మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లు పీల్చుకోదు. పోసిన నీళ్లు కుండీ గోడ వెంబడి జారి పది సెకన్లలో కింద నుంచి వచ్చేస్తాయి. తడిసిందనుకుంటాం, వేలు పెట్టి చూస్తే లోపల పొడిపొడిగా ఉంటుంది. అలా అయినప్పుడు ఒక మగ్గు మెల్లగా పోసి, పావుగంట ఆగి మళ్లీ పోయాలి.

కాలం గురించి చెప్పకపోతే చెన్నైవాళ్లకి ఈ సమీక్ష సగమే. తెలుగు వీడియోలో "వర్షాకాలం" అంటే జూన్. హైదరాబాదుకి అది సరే. మాకు జూన్‌లో ఇంకా ఎండలు మండుతుంటాయి, అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి ఏడాది అక్క చెప్పినట్టు జూన్ మొదటివారంలో బెండ, బీర విత్తి, మొలకలు మాడ్చుకున్నాను. కింది ఇంటి తమిళ బామ్మ చూసి నవ్వి, "ఆడి పట్టం తేడి విదై" అంది. ఆడి మాసం చూసుకుని విత్తమని. ఆడి అంటే జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా. ఇప్పుడు శీర్షికలో కాలం పేరు చూడగానే ఆ వీడియో తీసిన ఊరు ఏదో వెతుకుతాను.

"వేసవిలో టమాటా పూత రాలడం" అన్న వీడియోలూ అంతే. పుల్ల మజ్జిగ కొట్టమంటారు. రాత్రి కూడా వేడి 24, 25 డిగ్రీల కిందికి దిగకపోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పిందె పట్టదు. ఏప్రిల్‌లో చెన్నై రాత్రికి మజ్జిగ ఏం చేస్తుంది? మొక్క పీకేసి ఆ మట్టిలో గోంగూర వేసుకోవడం నయం.

కాబట్టి సమస్యని గుర్తుపట్టడానికి ఈ వీడియోలకి ఐదుకి నాలుగున్నర. మందు చెప్పే దగ్గర రెండు. కాలం విషయంలో, చెన్నైలో ఉండి చూసేవాళ్లకి, ఒకటి. మొన్న అక్క ఫోన్ చేసి "పెంకులు దాస్తున్నావా లేదా?" అని అడిగింది. సింకు కింద హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి, బొద్దింకలు కూడా కాపురం పెట్టాయి. ఇంకా పారేయలేదు.