ఆరేళ్ల షార్ట్ సెల్లింగ్: ధర పడినా చేతికొచ్చింది 600

ఆరేళ్లుగా అప్పుడప్పుడూ షార్ట్ సెల్లింగ్ చేస్తున్నాను. షేర్లు అరువు తెచ్చి అమ్మడం, ధర పడ్డాక కొని తిరిగిచ్చేయడం, ఇంతే కదా అనుకుని దిగాను. అంతే, కాకపోతే మధ్యలో కోతలున్నాయి.

ఒక లావాదేవీ లెక్క చెప్తాను. 200 షేర్లు 100 చొప్పున అమ్మాను, 20,000 వచ్చింది. ఆ డబ్బు మనకివ్వరు, ఖాతాలోనే ఉంచి దానిపైన నా సొంతం 10,000 మార్జిన్‌గా పెట్టమన్నారు. అంటే ఖాతాలో 30,000. అరువు రుసుము ఏడాదికి 6 శాతం, రోజువారీగా కోస్తారు. 90 రోజులకు 92 దగ్గర కొని తిరిగిచ్చాను, పైకి లాభం 1,600.

మధ్యలో ఆ కంపెనీ షేరుకు 2 డివిడెండ్ ఇచ్చింది. షార్ట్‌లో ఉన్నవాడికి డివిడెండ్ రాదు, తిరిగి కట్టాలి! షేర్లు అరువిచ్చిన వాడికి రావాల్సిన 400 నా ఖాతాలోంచి పోయింది. ఎక్స్-డివిడెండ్ రోజున, అంటే ఆ డివిడెండ్ హక్కు లేకుండా షేరు అమ్ముడవడం మొదలయ్యే రోజున, ధర కూడా సుమారుగా అంత తగ్గుతుంది కాబట్టి ఇది నిజంగా నష్టం కాదంటారు, కాగితం మీద సరే, కానీ నా 1,600లో ఆ తగ్గుదల ఇప్పటికే కలిసి ఉంది, తీసేయాల్సిందే.

ఇక అరువు రుసుము. నాలాగే చాలామంది ఆ షేరు మీద షార్ట్‌కి ఎగబడటంతో అరువుకి షేర్లు దొరకడం కష్టమై, 45వ రోజున 6 శాతం కాస్తా 18 అయింది. నన్నెవరూ అడగలేదు, స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. మొదటి సగానికి 150, రెండో సగానికి రమారమి 450, మొత్తం 600. లాభంలోంచి 400, 600 తీసేస్తే మిగిలింది 600. బ్రోకరేజీ వేరే.

అసలు టెన్షన్ మార్జిన్‌తోనే. అదే 45వ రోజున ధర 112కి ఎక్కింది. షేర్ల విలువ 22,400, అందులో 30 శాతం, అంటే 6,720 ఎప్పుడూ నా సొంతంగా ఉండాలని మా బ్రోకర్ నిబంధన. డివిడెండ్, రుసుము కలిపి 550 పోగా ఖాతాలో 29,450 ఉంది, అందులో నాది 7,050. అంటే 330 మాత్రమే ఎక్కువ! అమ్మిన రోజున లెక్కేసుకుంటే మార్జిన్ కాల్, అంటే ఖాతాలో ఇంకా డబ్బు వేయమనే కబురు, ధర 115 దాటాక రావాలి, ఈ కోతల వల్ల 113 దాటగానే వచ్చేలా దగ్గరికి జరిగింది. ఆ వారం సరిగా నిద్రపోలేదు, చివరికి ఇంకో 2,000 వేశాను.

ఇప్పుడు షార్ట్ చేసేముందు డివిడెండ్ తేదీ చూస్తాను, మార్జిన్ కాల్ ధరని రుసుము మూడింతలవుతుందని అనుకునే లెక్కేస్తాను. ఒక్కదానికి మాత్రం నా దగ్గర మందు లేదు: అరువిచ్చినవాడు షేర్లు వెనక్కి అడిగి, బ్రోకర్‌కి వేరే చోట దొరక్కపోతే, ధర ఎంతున్నా కొనిచ్చేయాల్సిందే. ఆరేళ్లలో రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ ధర పైనున్నప్పుడే.