తమ్ముడి పెళ్లి ప్రొఫైల్: మొదటి రాత, రెండో రాత

మొదట మా నాన్న రాసింది: "సంప్రదాయ కుటుంబం. అబ్బాయి బుద్ధిమంతుడు, ఏ చెడు అలవాట్లూ లేవు. ఐదంకెల జీతం. అణకువ గల అమ్మాయి కావాలి."

తర్వాత తమ్ముడు చెబుతుంటే నేను రాసింది: "నాకు 29 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో అమ్మానాన్నలతో ఉంటాను. రేణిగుంటలో అకౌంటెంట్‌ని, నెలకి 38 వేలు చేతికొస్తుంది. ఇంటి లోను ఇంకా ఆరేళ్లు కట్టాలి. కొత్తవాళ్లతో త్వరగా కలవలేను, అలవాటైతే బాగా మాట్లాడతాను. ఆదివారం సంగటి కెలికేది నేనే. పెళ్లయ్యాక ఉద్యోగం చేయడం, మానడం మీ ఇష్టం."

ఐదంకెలంటే పది వేలూ కావచ్చు, తొంభై వేలూ కావచ్చు. అవతలివాళ్లు మొహమాటపడుతూ అడగాలి. రెండోదాంట్లో ఆ ఇబ్బంది లేదు. లోను సంగతి రాయొద్దని నాన్న గట్టిగా అన్నారు. పెళ్లిచూపుల్లో బయటపడితే దాచారనుకుంటారు, ముందే రాస్తే అది మామూలు ఖర్చే.

నాకు బాగా నచ్చింది సంగటి మాట. బుద్ధిమంతుడని ఎవరైనా రాస్తారు, దాని మీద అడగడానికేం ఉంటుంది? సంగటి అంటే మాత్రం "పులుసు కూడా మీరే చేస్తారా?" అని అమ్మాయి మాట కలపొచ్చు.

అమ్మ ఆరోగ్యం, ఇంటి నంబరు మాత్రం రాయలేదు. అవి ఫోన్లో, మనిషి తెలిశాక చెప్పేవి.