"పదికి ఎంత?" అని అడగాలా, "రెండిట్లో ఏది?" అని అడగాలా?

పెళ్లి సంబంధాల కాలం వచ్చిందంటే కర్నూలు, కడప వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న: "బయోడేటాకు ఈ ఫోటో పెడుతున్నాం, అమ్మాయి పదికి ఎంత ఉంటుంది?" ఎవరో ఆరంటారు, ఇంకెవరో ఎనిమిదంటారు. ఆ అంకెలో అమ్మాయి వాటా ఎంతో, కెమెరా వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది దూరం. సెల్ఫీలో ఫోన్ ముక్కుకు దాదాపు 30 సెం.మీ. దూరాన ఉంటుంది. చెవులు ముక్కు కొనకు ఓ 12 సెం.మీ. వెనక ఉంటాయనుకుందాం, అంటే ఫోన్‌కు 42 సెం.మీ. దూరం. దూరమైంది చిన్నగా పడుతుంది కాబట్టి, చెవులతో పోల్చితే ముక్కు 42/30, అంటే 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. అదే మనిషిని ఒకటిన్నర మీటరు నుంచి తీస్తే 162/150, దాదాపు 1.08 రెట్లే. ముఖం అదే, ఫోన్ అదే, తేడా మాత్రం 30 శాతం. చెవులు బుగ్గల చాటుకు పోయినట్టుంటే అది దగ్గర్నుంచి తీసిన ఫోటో అని గుర్తు. ఇక అనంతపురం మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తే కళ్ల కింద పడే నీడ వేరే!

2011లో జెంకిన్స్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఒకే మనిషి వేర్వేరు ఫోటోలకు వచ్చిన అందం మార్కుల్లో తేడా, మనిషికీ మనిషికీ మధ్య తేడాను మించింది. సగటు తీసినా లాభం లేదు. అయిదుగురు 9, అయిదుగురు 1 వేస్తే సగటు 5. పదిమందీ 5 వేసినా అంతే. సంబంధానికి కావలసింది బాగా నచ్చే ఒక్క ఇల్లే కదా, సగటుతో పనేముంది?

మార్కులేసే యాప్‌ల గొడవే వద్దు, వాటికి ఇచ్చేదీ ఆ ఒక్క ఫోటోనే.

నా ఓటు రెండో ప్రశ్నకే. ఒకే మనిషివి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టండి. ముఖం రెండిట్లోనూ ఒకటే కాబట్టి ముఖం మీద ఎవరి ఇష్టాయిష్టాలు వాళ్లవే అయినా చిక్కులేదు. మిగిలే తేడా దూరం, వెలుతురు, నవ్వు. ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. తెలిసినవాళ్లను "ఏది ఉన్నది ఉన్నట్టుంది?" అని, తెలియనివాళ్లను "ఏ ఫోటోలోని మనిషితో ముందు మాట కలపాలనిపిస్తుంది?" అని అడగండి. చూసేవాళ్ల మీద మంచి ముద్ర వేసే ఫోటో విషయంలో సొంత ఎంపిక కన్నా పరాయివాళ్ల ఎంపికే మెరుగని 2017లో వైట్ బృందం పరిశోధన చూపింది. జవాబులు చెరోవైపు పోతే బయోడేటాకు తెలిసినవాళ్ల మాటే వినాలి, పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చునేది మనిషే కాబట్టి.

పదిమందిని అడిగేటప్పుడు అయిదుగురికి ఫోటోల వరస తిప్పి పంపండి. మొదట చూసినదాని వైపు మొగ్గేవాళ్లుంటారు. ఆరు–నాలుగు వస్తే రెండూ సమానమనే లెక్క, ఏదో ఒకటి పెట్టేయండి. తొమ్మిది–ఒకటి వస్తే మాత్రం ఒక్క ఓటే వచ్చిన ఫోటోను పక్కన పెట్టాల్సిందే.