ఆరేళ్లుగా ఈవెన్‌వీవ్ మీద కుడుతున్నా: పోగుల లెక్క, సూది నంబరు

మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్ చేతికొచ్చాక నిలువుగా, అడ్డంగా పోగులు సమానంగా ఉండే ఈవెన్‌వీవ్ గుడ్డ, 28 కౌంట్‌ది కొన్నాను. అంటే అంగుళానికి 28 పోగులు. కుట్టేది రెండేసి పోగుల మీద కాబట్టి అంగుళానికి 14 కుట్లే పడతాయి. నేను వేసిన నెమలి డిజైన్ 112 కుట్ల వెడల్పు, 84 కుట్ల ఎత్తు. 14తో భాగిస్తే 8 అంగుళాలు, 6 అంగుళాలు. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి 14 × 12 గుడ్డ కత్తిరించాను.

కుట్టడం పూర్తయ్యాక చూస్తే నెమలి సన్నగా, పొడుగ్గా సాగింది! స్కేలు పెట్టి లెక్కిస్తే అడ్డంగా 28 పోగులే ఉన్నాయి గానీ నిలువుగా 25 మాత్రమే. ఆరు అంగుళాల ఎత్తు కాస్తా 6.7 అయింది. పేరుకే ఈవెన్‌వీవ్ అన్నమాట. అప్పటి నుంచి గుడ్డ రాగానే అంగుళం దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, రెండు వైపులా లెక్కపెట్టాకే కత్తెర పడతాను.

లెక్క తప్పకుండా నన్ను కాపాడింది నేతే. మామూలు నేతలో నిలువు పోగు ఒకచోట పైకి తేలుతుంది, పక్కచోట కిందికి పోతుంది. నిలువు పోగు పైకి కనిపించే చోటు పక్కనే మొదటి కుట్టు మొదలుపెడితే, రెండేసి పోగులు జరిగినంత సేపూ ప్రతి కుట్టూ అలాంటి చోటే మొదలవుతుంది. సూది పైకి వచ్చిన చోట అడ్డపోగు తేలి కనిపించిందా, ఒక పోగు తప్పినట్టే. అయితే రెండు పోగులు తప్పితే ఈ గుర్తు పట్టివ్వదు. అందుకే ప్రతి 20 పోగులకు, అంటే పది కుట్లకు, వేరే రంగు దారంతో గీత కుట్టుకుంటాను. విసుగే, కానీ విప్పడం ఇంకా విసుగు.

ఇక సూది. మొన మొద్దుగా ఉండే టాపెస్ట్రీ సూదే కావాలి, మొన పదునైతే పోగును చీల్చేస్తుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని తెలియక మొదట్లో 22 వాడాను. పోగులు పక్కకు జరిగి, కుట్టు పక్కన చిన్న కన్నాలు మిగిలాయి. రెండు పాయల దారంతో 28 కౌంట్‌కి పుస్తకాలు 24 అంటాయి. నా చేతికి మాత్రం 26 హాయిగా ఉంది. ఒక్క పోగు మీద, ఒక్క పాయతో మొహం లాంటి చిన్న భాగాలు కుట్టేటప్పుడు 28కి మారతాను. రెండు పాయలతో 28 ప్రయత్నించాను, బెజ్జం ఇరుకై దారం నూగులేచింది.

నా చేతులకు చెమట ఎక్కువ. నికెల్ పూత సూది కొన్ని నెలలకే నల్లబడి గుడ్డలో పట్టేస్తుంది. ఒకసారి వానాకాలంలో సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేస్తే తుప్పు మచ్చ పడింది. ఆ మచ్చ ఉతికినా పోలేదు, చివరికి దాని మీద ఒక ఆకు కుట్టేశాను.