వాయిస్ మెసేజ్ రాయించుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

గత వానాకాలం నాకు జరిగింది చెబుతున్నాను. మీలో ఎవరైనా రాతలో ఉన్న సమాచారాన్ని వాయిస్ మెసేజ్‌గా మార్పించుకోవాలని డబ్బు కడుతుంటే, ముందు ఇది చదవండి.

మా చిన్న స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో తల్లులకు వాట్సాప్‌లో ఆరోగ్య సందేశాలు పంపుతుంది. పిల్లల విరేచనాల గురించి మా దగ్గర ఒక పేజీ సారాంశం ఉంది. దాన్ని నిమిషం లోపు వినేలా తిరగరాసి, చదివి ఇస్తానని ఒకతను 3000 రూపాయలు అడిగాడు. మొత్తం ముందే కట్టేశాను. అదే నేను చేసిన తప్పు. రెండు రోజుల తర్వాత స్క్రిప్ట్ చూపించకుండా నేరుగా ఆడియో పంపాడు. గొంతు చాలా బాగుంది. కానీ అతను తిరగరాయలేదు, మా కాగితాన్నే గబగబా చదివేశాడు.

మా కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది: "విరేచనాలతో బాధపడుతున్న పిల్లలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం (1 ప్యాకెట్ : 1 లీ. నీరు) ఇవ్వవలెను, జింక్ 20 మి.గ్రా. (6 నెలల లోపు 10 మి.గ్రా.) రోజుకొకసారి 14 రోజులు వాడవలెను." కంటితో చూస్తే ఇందులో తప్పేమీ లేదు. బ్రాకెట్ కనిపిస్తుంది, అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు. చెవికి ఆ వీలు లేదు. అతను "ఒక ప్యాకెట్, ఒకటి లీ నీరు" అని చదివేశాడు.

అందరికీ పంపే ముందు ముగ్గురు తల్లులకు ఒక్కసారి వినిపించాం. "అర్థమైందా" అని అడిగితే అందరూ తల ఊపుతారు. అందుకే "ఇప్పుడు మీరేం చేస్తారు, చెప్పండమ్మా" అని అడిగాం. ఒకావిడ ప్యాకెట్ మొత్తం గ్లాసు నీళ్లలో కలుపుతానంది. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ఇంకొకావిడ జింక్ నాలుగు రోజులు వేస్తానంది. పక్కన మిక్సీ తిరుగుతుంటే "పద్నాలుగు"లో ఆమె చెవికి "నాలుగు" మాత్రమే అందింది. నాకు చెమటలు పట్టాయి. అలాగే పంపేసి ఉంటే?

మార్చమంటే రెండో ఆడియో ఇచ్చాడు. ఈసారి వాక్యాలు చిన్నవే. కానీ ఆరు నెలల లోపు బిడ్డకు సగం మోతాదే అన్న మాట తీసేశాడు. మలంలో రక్తం పడితే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నదీ లేదు. అడిగితే "సింపుల్ చేయమన్నారు కదా మేడమ్" అన్నాడు. సులువుగా చెప్పడమంటే అవసరమైనది కోసేయడం కాదు. ఇంకోసారి మార్చమంటే మళ్లీ డబ్బు అడిగాడు. 3000 పోయినట్టే.

చివరికి మా ఆశా కార్యకర్తతో కూర్చుని మేమే రాసుకున్నాం. చేతులు పని చేసే వరుసలోనే మాటలు పెట్టాం:

"అమ్మా, బిడ్డకు నీళ్ల విరేచనాలు అవుతున్నాయా? లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్ తీసుకోండి. లీటరు సీసా నిండా మంచినీళ్లు కొలవండి. ఒక గిన్నెలో పోయండి. ప్యాకెట్ మొత్తం అందులో కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తాగించండి. ఇవాళ పొద్దున కలిపింది మిగిలితే, రేపు పొద్దున పారబోయండి. రోజూ ఒక జింక్ మాత్ర వేయండి. బిడ్డకు ఆరు నెలలు నిండలేదా? అయితే సగం మాత్రే. విరేచనాలు తగ్గినా ఆపకండి. రెండు వారాలూ వేయండి. తల్లిపాలు మానొద్దు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"14 రోజులు" ఇక్కడ "రెండు వారాలు" అయింది. మిల్లీగ్రాములు పోయి మాత్ర వచ్చింది, ఎందుకంటే మేమిచ్చే మాత్రే 20 మిల్లీగ్రాములది. మీ దగ్గర వేరే మోతాదు మాత్ర ఉంటే ఈ వాక్యం పనికిరాదు, మార్చుకోవాలి. లీటరు ప్యాకెట్ అని గట్టిగా చెప్పడానికీ కారణముంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఇదే ముగ్గురికి మళ్లీ వినిపిస్తే అందరూ కొలతలు సరిగ్గా చెప్పారు.

కాబట్టి ఎవరికైనా పని ఇస్తే రికార్డింగ్‌కు ముందే స్క్రిప్ట్ అడగండి. అందులో బ్రాకెట్లు, "వలెను"లు, "మి.గ్రా." లాంటి పొట్టి అక్షరాలు కనిపిస్తే అక్కడే ఆపేయండి. అసలు కాగితం పక్కన పెట్టుకుని, వయసు, కొలత, ప్రమాద సూచన ఒక్కొక్కటీ ఉన్నాయో లేదో టిక్ కొట్టండి. ముందు సగం డబ్బే ఇవ్వండి. మీ వాళ్లు ఇద్దరు ముగ్గురు ఒక్కసారి విని, తిరిగి సరిగ్గా చెప్పగలిగాకే మిగతా సగం ఇస్తానని మొదటి రోజే మెసేజ్‌లో రాసి పంపండి. దానికి ఒప్పుకోనివాళ్లకు పని ఇవ్వకండి.